శ్రావణంలో తాంబూలాలు, మాఘంలో పెళ్లి: మధ్యలో ఆరు నెలలకు ఏ కాల్ మంచిది?

మా పిన్ని కూతురికి పోయిన నెలలో సంబంధం కుదిరింది. తను హైదరాబాద్, అబ్బాయి న్యూజెర్సీ. తాంబూలాలు పుచ్చుకున్న మూడో రోజే నాకు ఫోన్ చేసింది. "అక్కా, రోజూ మాట్లాడాలా, వారానికి రెండుసార్లు చాలా? వీడియోనా, మామూలు కాలా? నువ్వప్పుడు ఎలా చేశావు?" అని ఒక్క ఊపిరిలో అడిగేసింది.

నేను అప్పుడు చేసినవాటిలో సగం తప్పులే. నాది శ్రావణంలో నిశ్చితార్థం, మాఘంలో పెళ్లి. నేను విజయవాడలో, మావారు డల్లాస్‌లో. పెళ్లికి ముందు మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడింది మొత్తం కలిపితే నాలుగు గంటలుండదు, అదీ చుట్టూ ఇరవై మంది చెవులు రిక్కించి ఉండగా. మిగతా పరిచయమంతా ఫోన్లోనే. నాలుగు పద్ధతులు మార్చాం: రాత్రి పొడవాటి వీడియో, పొద్దున్న చిన్న ఆడియో, వాయిస్ మెసేజ్‌లు, ఇద్దరం కలిసి ఏదో ఒక పని చేయడం. వీటిలో ఏది ఎవరికి సరిపోతుందో మా చెల్లికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

రాత్రి వీడియో: అందరూ మొదట ఎంచుకునేది

కొత్తలో అందరూ దీంతోనే మొదలుపెడతారు. ముఖం చూడాలనిపిస్తుంది, అది సహజం. మా విషయంలో నాకు రాత్రి 10:30 అంటే తనకు మధ్యాహ్నం 12. లంచ్ టైంలో ఆఫీసు పార్కింగ్‌లో కారులో కూర్చుని చేసేవారు. గంట అనుకున్నది గంటన్నర అయ్యేది. నేను పడుకునేసరికి పన్నెండున్నర, లేవాల్సింది ఐదున్నరకి. అప్పట్లో నాది విజయవాడ నుంచి తెనాలికి రోజూ రైల్లో వెళ్లొచ్చే ఉద్యోగం. మూడో వారంలో ఒకరోజు కిటికీకి తల ఆనించి కళ్లు మూశాను, తెరిచేసరికి నిడుబ్రోలు ప్లాట్‌ఫాం మీద ఇడ్లీల వాసన. తెనాలి ఎప్పుడో దాటిపోయింది. ఆ రోజు సగం పూట సెలవు పోయింది.

నిద్ర సంగతి అలా ఉంచితే, వీడియోకి ఇంకో చిక్కుంది, అది చాలామందికి తట్టదు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అమెరికాకి మాట చేరడానికి కొంత టైం పడుతుంది. తీగలో వెలుతురు ఎంత వేగంగా పరిగెత్తినా దూరం దూరమే. దానికి వీడియోని కుదించి విప్పే పని తోడవుతుంది, ఇంట్లో వైఫై బలహీనంగా ఉంటే అదొకటి, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆ ఆలస్యం ఇంకొకటి. అన్నీ కలిపితే సగం సెకను దాకా వెళ్లొచ్చు. సగం సెకనే కదా అనిపిస్తుంది. కానీ ఎదురుగా ఉన్న మనిషిని "మీకు నా ఉద్యోగం ఇష్టమేనా?" అని అడిగినప్పుడు ఆ సగం సెకను మౌనం ఎలా ఉంటుందో ఊహించండి. తను వెంటనే "ఆఁ, ఇష్టమే" అన్నారు. నాకు వినిపించింది మాత్రం కాసేపు ఆలోచించి అన్నట్టు. పాత పరిచయమైతే ఆ ఆలస్యాన్ని నెట్‌వర్క్ ఖాతాలో వేస్తాం. కొత్త మనిషైతే ఆ మనిషి స్వభావం ఖాతాలో వేస్తాం. నేను రెండు వారాలు "ఈయన ప్రతిదానికీ తటపటాయిస్తారేంటి" అనుకుంటూ ఉన్నాను.

ఇది నెట్‌వర్క్ పనా, మనిషి పనా అని తేల్చుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. ఇద్దరూ కలిసి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి, ఒకరు ఒక అంకె, మరొకరు తర్వాతి అంకె. పది దాకా వెళ్లేలోపే ప్రతి అంకెకీ మధ్య ఎంత ఖాళీ వస్తోందో తెలిసిపోతుంది. లెక్కపెట్టడానికి ఎవరూ ఆలోచించరు కాబట్టి, వచ్చిన ఖాళీ అంతా లైనుదే. ఎక్కువగా ఉంటే ముందు బ్లూటూత్ తీసేసి వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, తర్వాత వీడియో ఆపి చూడండి. మాకు ఆ రెండింటితోనే చాలా తగ్గింది.

మూడో సంగతి, ఉమ్మడి ఇళ్లకు మాత్రమే అర్థమయ్యేది. వీడియో కాల్ అంటే ఇంట్లో అందరిదీ. "ఏదీ, ఒకసారి ఇటివ్వు" అని అమ్మ, "బాబూ, భోజనం చేశావా" అని నానమ్మ, వెనక టీవీలో వార్తలు. ఇరవై నిమిషాలు అలా గడిచాక ఫోన్ నా చేతికి వచ్చేది, అప్పటికి తన లంచ్ అయిపోయేది. అందుకే ఇంటివాళ్లకు వేరే పూట ఇచ్చేశాం, ఆదివారం పొద్దున్న మొదటి పది నిమిషాలు స్పీకర్‌లో. అది ఇవ్వకుండా డాబా మీదకు వెళ్లి మాట్లాడితే మాత్రం మా ఇంట్లో గొడవయ్యేది.

ఒక్క హెచ్చరిక, పెళ్లి చీరలు వీడియోలో ఎంచుకునేవాళ్లకి. షాపు లైట్ల కింద ఫోన్ కెమెరా రంగు మార్చేస్తుంది. నేను మెజెంటా అని పంపిన చీర తనకు ఎరుపులా కనిపించి, దానికి తగ్గట్టు ఆ రంగు కండువా కొన్నారు. చీరను గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో ఫోటో తీసి పంపండి.

పొద్దున్న చిన్న ఆడియో: నేను ఓటేసేది

నిడుబ్రోలు తర్వాత మార్చాం. నాకు పొద్దున్న 7 అంటే డల్లాస్‌లో ముందురోజు రాత్రి 8:30. నేను కాఫీ గ్లాసు పట్టుకుని డాబా మీదకు వెళ్తాను, తను వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ ఉంటారు. ఇరవై ఐదు నిమిషాలు, ఆ తర్వాత నేను స్నానానికి వెళ్లాల్సిందే, 8:10కి స్టేషన్‌కు బయలుదేరాలి. అంటే కాల్‌ను ఆపేది రైలు. ఎవరూ "సరే మరి, ఉంటాను" అనడానికి మొహమాటపడనక్కర్లేదు. ఇది పెద్ద సుఖం. రాత్రి కాల్‌కి అలాంటి అంచు ఉండదు, ముందు ఎవరు పెట్టేస్తారా అన్నదే ఒక పరీక్షలా అయిపోతుంది.

ముఖం కనిపించకపోవడం మొదట లోటుగానే అనిపించింది. పది రోజుల తర్వాత చూస్తే, నేను ఎక్కువ మాట్లాడుతున్నది ఆడియోలోనే. వీడియోలో సగం ధ్యాస స్క్రీన్ మూలన ఉన్న నా సొంత ముఖం మీదే ఉండేది, జుట్టు సరిగ్గా ఉందా, వెనక ఆరేసిన బట్టలు కనిపిస్తున్నాయా అని. ఆడియోలో చేతులు ఖాళీ, కళ్లు ఖాళీ. "మీరు" అనుకునేవాళ్లం "నువ్వు"లోకి వచ్చింది కూడా అలాగే. తనే ముందు నోరుజారి "నువ్వు చెప్పింది నిజమే" అన్నారు, వెంటనే "మీరు" అని దిద్దుకోబోయారు, నేను ఊరుకోమన్నాను. వీడియోలో అయితే ఇద్దరం బిగుసుకుపోయేవాళ్లం. నేను మాత్రం ఇప్పటికీ నలుగురిలో "మీరు" అనే అంటాను, అది వేరే సంగతి.

దీని బలహీనత కూడా చెప్పాలి. రోజూ ఇరవై నిమిషాలైతే అది రిపోర్టు అయిపోయే ప్రమాదం ఉంది. "తిన్నావా?" "తిన్నాను." "ఏం కూర?" "బెండకాయ." "ఇంకేంటి?" "ఏముంది, నువ్వే చెప్పు." మొదటి ఐదు నిమిషాల్లో "ఇంకేంటి" మూడుసార్లు వచ్చిందంటే ఆ రోజుకు ఆ కాల్ అయిపోయినట్టే, లాగకుండా పెట్టేయడం మేలు. అలాంటి రోజులు వారంలో నాలుగు వస్తే మాత్రం రోజూ మాట్లాడటం మీకు పడటం లేదని అర్థం. మంగళ, గురు, శనివారాలకు మార్చుకోండి. రోజూ మాట్లాడకపోతే ఏదో తక్కువైందని చుట్టూ ఉన్నవాళ్లు అంటారు. వాళ్లెవరూ ఆ ఇరవై నిమిషాలు నింపరు.

వాయిస్ మెసేజ్‌లు: కాల్‌కి బదులు కాదు, తోడు

పదిన్నర గంటల తేడా ఉన్నప్పుడు ఒకరి మధ్యాహ్నం ఇంకొకరి అర్ధరాత్రి. ఆ మధ్యాహ్నం జరిగింది మర్నాడు పొద్దుటికి చల్లారిపోతుంది. వాయిస్ మెసేజ్ ఆ వేడిని పట్టుకుంటుంది. తను ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తూ మాట్లాడి పంపేవారు, మధ్యమధ్యలో కారు ఇండికేటర్ టిక్ టిక్‌మని వినిపించేది. నాకు వాళ్ల చిన్నప్పటి సంగతులు, వాళ్ల నాన్నగారికి కోపం ఎలా వస్తుందో, ఇవన్నీ తెలిసింది ఆ టిక్ టిక్‌ల మధ్యనే. ఎదురుగా ఎవరూ మధ్యలో ఆపరు కాబట్టి మనిషి పూర్తిగా చెబుతాడు.

రెండు మూడు నిమిషాలు దాటితే మాత్రం వినేవాళ్లకు భారం. ఏడు నిమిషాల మెసేజ్ వస్తే నేను రెట్టింపు స్పీడులో పెట్టి వినేదాన్ని, ప్రేమగా చెప్పిందంతా క్రికెట్ కామెంటరీలా ఉండేది. ఇంకోటి, అభిప్రాయభేదం వచ్చిన విషయాన్ని మెసేజ్‌లో తేల్చుకోవద్దు. పెళ్లయ్యాక నా ఉద్యోగం ఏమవుతుందన్న దాని మీద, నిశ్చితార్థం రోజుల్లోనే, నేను కోపంగా ఒకటి పంపాను. తను నిద్రలో ఉన్నారు. నేను ఆరు గంటలు ఆ రెండు నీలం టిక్కులు పడ్డాయా అని చూస్తూ కూర్చున్నాను. తను లేచి విని, తన కోపంతో తను జవాబు పంపారు. అప్పటికి నా కోపం చల్లారి నేను ఇంకో మెసేజ్ మెత్తగా పంపి ఉన్నాను. రెండూ దారిలో ఎదురుపడ్డాయి. ఏది దేనికి జవాబో తేలడానికి రెండు రోజులు పట్టింది. అలాంటివి కాల్‌కి దాచుకోవడమే.

తేడా తక్కువున్న ఊళ్లవాళ్లకు ఇది అంతగా అక్కర్లేదు. బెంగళూరులో ఉన్న మనిషికి వాయిస్ మెసేజ్ పంపేకంటే ఫోన్ చేస్తే పోయె.

కలిసి ఒక పని: వారానికొకటి చాలు

కలిసి సినిమా చూడమని అందరూ చెబుతారు. కొత్త జంటకి నేను చెప్పను. రెండున్నర గంటలు ఇద్దరూ నోరు మూసుకుని కూర్చోవాలి, ఒకరి స్క్రీన్ పది సెకన్లు ముందుంటుంది కాబట్టి ఒకరు నవ్వాక ఇంకొకరు నవ్వుతారు, పైగా ఇక్కడ దొరికే సినిమా అక్కడి యాప్‌లో ఉండకపోవచ్చు.

మాకు పనికొచ్చింది వంట. శనివారం నాకు రాత్రి 8 అంటే తనకు శనివారం పొద్దున్న 9:30. నాకు రాత్రి టిఫిను, తనకు పొద్దున్న టిఫిను. ఇద్దరికీ పెసరట్టు. దీంట్లో అసలు రుచి శనివారానిది కాదు, ముందురోజుది. పెసలు నానబెట్టాలి కదా. తను శుక్రవారం రాత్రి పడుకునే ముందు నానబెట్టాలి, అది నాకు శనివారం పొద్దున్న. "పెసలు?" అని ఒక్క మాట నేను పంపేదాన్ని. గిన్నెలో నీళ్లలో మునిగిన పెసల ఫోటో వచ్చేది. ఆ ఒక్క ఫోటో కోసం నేను శనివారం పొద్దున్న ఫోన్ చేత్తో పట్టుకుని తిరిగేదాన్ని.

మొదటిసారి తను మిక్సీలో నీళ్లు ఎక్కువ పోసేశారు, పిండి మజ్జిగలా అయింది. ఫోన్‌ను పంచదార డబ్బాకి ఆనించి, పెనం కనిపించేలా వంచారు. అట్టు వేస్తే అంచులు లేవవు, మధ్యలో చిరుగు. "సగం ఉల్లిపాయ కోసి, నూనెలో ముంచి పెనం మీద రుద్దండి, తర్వాత మంట తగ్గించి వేయండి" అన్నాను. "ఉల్లిపాయతోనా?" అని కాసేపు నమ్మలేదు. రుద్దారు. పిండిలో రెండు చెంచాలు బియ్యప్పిండి కలపమన్నాను. నాలుగో అట్టు లేచింది. అది పెనం మీంచి ఊడి వచ్చినప్పుడు తను చేసిన కేక విని మా అమ్మ హాల్లోంచి పరిగెత్తుకుని వచ్చింది.

ఇక్కడ వీడియో అక్కరకొస్తుంది, ఎందుకంటే చూసేది ఒకరి ముఖం ఒకరు కాదు, ఇద్దరూ పెనాన్ని. మాట ఆగినా ఇబ్బందిగా ఉండదు. వంట పడనివాళ్లు నడకకు వెళ్లవచ్చు, మొక్కలకు నీళ్లు పోయవచ్చు, ఇస్త్రీ చేసుకోవచ్చు. చేతులకు పని ఉండాలి, చెవులు ఖాళీగా ఉండాలి, అంతే కొలత.

ఎవరి గడియారం?

పద్ధతి ఏదైనా, కాల్ ఎవరి గడియారానికి కట్టి ఉందో మొదటే తేల్చుకోవాలి. మేము తేల్చుకోలేదు, కార్తీకమాసంలో దెబ్బ తిన్నాం.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. మనకు అలాంటిది లేదు. అంటే డల్లాస్‌కీ మనకీ వేసవిలో పదిన్నర గంటలు తేడా, నవంబర్ నుంచి పదకొండున్నర. ఆ సోమవారం నేను 7 గంటలకు కాఫీతో డాబా మీద కూర్చున్నాను. తను ఎప్పట్లాగే తన 8:30కి చేద్దామనుకున్నారు. కానీ ఆ 8:30 ఇప్పుడు నాకు 8 గంటలు. నేను చేసినప్పుడు తనకు 7:30, ఇంకా దుకాణంలో కూరగాయలు కొంటున్నారు, ఎత్తలేదు. తను చేసినప్పుడు నేను చెప్పులేసుకుంటున్నాను. వారం రోజులు ఇలాగే. ఇద్దరికీ ఎదుటివాళ్లు తప్పించుకుంటున్నారేమో అన్న అనుమానం, ఇద్దరూ పైకి అనరు. చివరికి తనే "గడియారం మారింది కదా!" అని నెత్తి కొట్టుకున్నారు.

తీర్పు ఎవరి రోజుకు గట్టి అంచు ఉందో చూసి చెప్పాలి. నాకు రైలుంది, రైలు నాకోసం ఆగదు. తను సాయంత్రం కూరగాయలు అరగంట ముందో వెనకో కొనుక్కోవచ్చు. కాబట్టి కాల్ నా 7 గంటలకే, నవంబర్ నుంచి తనకు 7:30. క్యాలెండర్‌లో పెట్టుకునేటప్పుడు కూడా ఇండియా టైం ఎంచుకుని పెడితే అది తన ఫోన్లో దానంతట అదే సర్దుకుంటుంది. తన టైంతో పెడితే నా ఫోన్లో జరుగుతుంది.

ఆదివారం అన్న మాట దగ్గరా ఇదే తంటా. "ఆదివారం పొద్దున్న మాట్లాడదాం" అని నేనంటే తనకు అది శనివారం రాత్రి. తను ఆదివారం పొద్దున్న లేచి ఎదురుచూస్తే నాకు ఆదివారం రాత్రి, మా పిన్ని వాళ్లింట్లో భోజనాల దగ్గర ఉంటాను. అందుకే "మా ఆదివారం", "మీ ఆదివారం" అనే అనేవాళ్లం. పుట్టినరోజుకి పన్నెండు గంటల శుభాకాంక్షలు మాత్రం పుట్టినవాళ్ల గడియారానికే, దాంట్లో బేరం లేదు.

మీ ఊరు ఏదో చూసుకుని

హైదరాబాద్‌లో ఒకరు, బెంగళూరులో ఒకరు అయితే గడియారం గొడవ లేదు. అక్కడ కష్టం తిరగబడుతుంది: ఎప్పుడైనా మాట్లాడొచ్చు కాబట్టి రోజంతా ముక్కలు ముక్కలుగా మాట్లాడి, రాత్రికి చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. వాళ్లకు ఆఫీసు నుంచి ఇంటికొచ్చే దారిలో ఒక్క కాల్, మిగతా డబ్బు, శ్రద్ధ నెలకోసారి రాత్రి బస్సు టికెట్టు మీద పెట్టడం మంచిది.

దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, ఏడాదంతా అంతే. టైం సుఖమే, కానీ అక్కడ వాట్సాప్‌లో మెసేజ్‌లు వెళ్తాయి, కాల్స్ మాత్రం మామూలుగా కలవవు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్ ఇద్దరూ ముందే పెట్టుకోవాలి. ఇది తెలియక అబ్బాయి విమానం దిగిన రోజు ఫోన్ ఎత్తడం లేదని కంగారుపడ్డ ఇల్లు నాకు తెలుసు. అక్కడా వాయిస్ మెసేజ్ వెళ్తుంది.

లండన్‌కీ మనకీ వేసవిలో నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర గంటలు. మన రాత్రి 10 అంటే వాళ్లకు సాయంత్రం ఐదున్నర లేదా నాలుగున్నర, వాళ్లు ఇంకా ఆఫీసులో లేదా దారిలో ఉంటారు. పనిరోజుల్లో వాళ్ల మధ్యాహ్నం భోజనం టైం మన సాయంత్రం, అదే తేలిక. వాళ్ల గడియారం మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం మారుతుంది. అమెరికా తేదీలూ ఇవీ ఒకటి కావు.

మా చెల్లికి ఏం తేల్చాం

ఇప్పుడు అసలు కేసు. మా చెల్లిది హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్, సాయంత్రం 6:30 నుంచి తెల్లవారుజాము 3:30 దాకా. ఇంటికొచ్చి నాలుగున్నరకు పడుకుని పదకొండున్నరకు లేస్తుంది. క్యాబ్ 5:30కి వస్తుంది. న్యూజెర్సీకి ఇప్పుడు తొమ్మిదిన్నర గంటలు తేడా.

నా పద్ధతినే తనకు అప్పజెప్పబోయాను, కుదరలేదు. పొద్దున్న 7కి తను గాఢనిద్రలో ఉంటుంది. షిఫ్ట్ అయ్యాక 3:30 అంటే అబ్బాయికి సాయంత్రం 6, బాగానే ఉందనిపిస్తుంది. కానీ అప్పుడు క్యాబ్‌లో పక్కన ముగ్గురు ఆఫీసువాళ్లు ఉంటారు, తొమ్మిది గంటలు హెడ్‌సెట్‌లో మాట్లాడి వచ్చిన గొంతు. ఆ టైంలో ఇంకో గొంతు వినబుద్ధి కూడా కాదని తనే అంది. పగలు రెండింటికి చేస్తే అబ్బాయికి తెల్లవారుజాము 4:30.

మిగిలింది సాయంత్రం 5. అబ్బాయికి పొద్దున్న 7:30, ఆఫీసుకు తయారవుతుంటాడు. ఇరవై నిమిషాలు, ఆడియో. అటు అతనికి ఆఫీసు, ఇటు తనకు క్యాబ్. రెండు వైపులా అంచు ఉంది. షిఫ్ట్ మధ్యలో బ్రేక్‌లో ఒక వాయిస్ మెసేజ్, అతను తీరిక చూసుకుని వింటాడు.

గడియారం సంగతిలో నా తీర్పు తన దగ్గర తలకిందులైంది. తన షిఫ్ట్ అమెరికా కస్టమర్ల టైంకి కట్టి ఉంది. నవంబర్‌లో అక్కడ గడియారం వెనక్కి తిరిగితే తన షిఫ్ట్ కూడా 7:30కి జరుగుతుంది, క్యాబ్ 6:30కి వస్తుంది. అంటే తన రోజే అమెరికా గడియారంతో నడుస్తోంది. కాబట్టి కాల్ అబ్బాయి 7:30కే కట్టాలి. నవంబర్ నుంచి తనకు 6 గంటలవుతుంది, క్యాబ్‌కి ఇంకా అరగంట ఉంటుంది, ఏమీ చెడదు. నాలాగా ఇండియా టైంకి కట్టి ఉంటే అబ్బాయి ఆరున్నరకే లేవాల్సి వచ్చేది, అదీ ఏ కారణం లేకుండా.

నాకు పనికిరాని రాత్రి వీడియో కూడా తనకు పనికొచ్చేలా ఉంది. శనివారం రాత్రి 10:30 అంటే న్యూజెర్సీలో మధ్యాహ్నం 1. తనకు సెలవురోజున కూడా రెండు దాకా నిద్ర పట్టదు. గంటన్నర మాట్లాడినా కోల్పోయే నిద్ర లేదు, ఏ రైలూ తప్పిపోదు. ఇంట్లోవాళ్లు అప్పటికి పడుకుని ఉంటారు కూడా. పిన్నికి ఇది నచ్చలేదు, "అర్ధరాత్రి మాటలేంటే" అంది. ఆదివారం సాయంత్రం పది నిమిషాలు పిన్నికీ బాబాయికీ ఇచ్చేలా ఒప్పుకున్నాక ఊరుకుంది.

తనకు ఒకటే పని పెట్టాను. రెండు వారాలు గోడ క్యాలెండర్‌లో రాయాలి: ఏ రోజు కాల్ తప్పింది, ఎవరి వల్ల, ఆ రోజు ఎవరి నిద్ర పోయింది. అబ్బాయి కూడా తన వైపు రాసుకోవాలి. ఎవరినీ నిలదీయడానికి కాదు. మేము మా మొదటి నెల లెక్క తర్వాత వేసుకుని చూస్తే నిద్ర పోగొట్టుకున్న రాత్రులన్నీ నావే, తనకు ఆ సంగతే తెలియదు, ఎందుకంటే నేను ఎప్పుడూ "ఫర్వాలేదు" అన్నాను. ఒకవైపే గీతలు పడుతుంటే టైం మార్చాలి, మనిషిని మెల్లగా విసుగు పట్టేదాకా ఆగకూడదు. కాల్ తప్పినప్పుడు "ఈరోజు కుదర్లేదు" అని ఒక్క మాట పంపితే చాలని, ఎందుకు అని మర్నాటిదాకా అడగకూడదని కూడా ఇద్దరూ అనుకున్నారు.

నిన్న ఐదున్నరకి క్యాబ్ ఎక్కాక నాకు మెసేజ్ పెట్టింది: "ఎత్తాడక్కా. నోట్లో బ్రష్ ఉంది. సగం మాటలు అర్థం కాలేదు, నేనే మాట్లాడాను." కింద క్యాలెండర్ ఫోటో. తొమ్మిది రోజుల్లో రెండు గీతలు, తనదొకటి, అతనిదొకటి.